ఒకే కంపెనీ షేరులో కోటి ఇరుక్కుంటే: పన్ను ఎంత, ఆగడానికి ఖరీదెంత

2009 జనవరి 6న సత్యం కంప్యూటర్స్ షేరు 179 రూపాయల దగ్గర ముగిసింది. మర్నాడు రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. ఆ సాయంత్రానికి షేరు 40 రూపాయల లోపు ఉంది. ఒక్క రోజులో దాదాపు 78 శాతం పోయింది. జీతం, స్టాక్ ఆప్షన్లు, సొంతంగా కొన్న షేర్లు, మూడూ అదే కంపెనీలో ఉన్న ఉద్యోగులకు ఆ రోజు ఏం జరిగిందో హైదరాబాద్‌లో ఎవరికీ చెప్పక్కర్లేదు.

యెస్ బ్యాంక్ షేరు పడిన తీరు వేరు. 2018 ఆగస్టులో 400 దాటిన ఆ షేరు ఏడాదిన్నర పాటు జారుతూ వచ్చి, 2020 మార్చి 5న మారటోరియం విధించిన మర్నాడు దాదాపు 16 రూపాయల దగ్గర ముగిసింది. ఆ తర్వాత పునర్నిర్మాణ పథకం కింద, 100 షేర్ల కంటే ఎక్కువ ఉన్నవాళ్ళ వాటాలో 75 శాతాన్ని మూడేళ్ళపాటు అమ్మకుండా లాక్ చేశారు. అమ్ముదామన్నా అమ్మనివ్వని పరిస్థితి కూడా వస్తుందని అప్పుడే చాలామందికి తెలిసింది.

ఒకటి ఒక్క రోజులో పడింది, రెండోది నెలల తరబడి జారింది. ఈ తేడాను గుర్తుపెట్టుకుంటే, షేర్లు అమ్మకుండానే నష్టం నుంచి కాపాడుకునే హెడ్జింగ్ ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ చెయ్యదో తర్వాత తేలిగ్గా అర్థమవుతుంది.

ఒకే షేరులో ఎక్కువ డబ్బు ఉన్నవాళ్ళలో చాలామందికి ఈ ప్రమాదం తెలియక కాదు. ఇరవై ఏళ్ళ కింద తండ్రి కొన్న షేర్లు గానీ, ఉద్యోగులకు కంపెనీ ఇచ్చే ఈసాప్ షేర్లు గానీ పెరిగి పెద్దవై ఉంటాయి. అమ్ముదామనుకున్న ప్రతిసారీ ఒకటే మాట అడ్డం వస్తుంది: పన్ను. ఆ పన్ను నిజంగా ఎంతో కాగితం మీద పెట్టి చూసినవాళ్ళు మాత్రం తక్కువ.

ఇప్పుడు కట్టే పన్ను, తర్వాత కట్టే పన్ను

ఒక లెక్క తీసుకుందాం. 10,000 షేర్లు, ఇవాళ్టి ధర 1,000 రూపాయలు, కొన్న ధర సగటున 200. అంటే విలువ కోటి, లాభం 80 లక్షలు. యజమాని భారత్‌లో ఉండే ఉద్యోగి. పన్ను లెక్కకు వచ్చే జీతం 18 లక్షలు.

2024 జులై 23 నుంచి లిస్టెడ్ షేర్లను 12 నెలల కంటే ఎక్కువ ఉంచుకుని అమ్మితే వచ్చే లాభం మీద పన్ను 12.5 శాతం. ఏడాదిలో మొదటి 1.25 లక్షల లాభానికి పన్ను లేదు. పన్ను మీద 4 శాతం సెస్ కలిపితే ఆచరణలో 13 శాతం. ఈ లెక్కన 80 లక్షల లాభానికి పన్ను పది లక్షలకు కాస్త అటూ ఇటూ. మొత్తం షేర్ల విలువతో పోలిస్తే అది పదో వంతు.

పది లక్షలంటే ఎవరికైనా గుండె జారుతుంది. కానీ అడగాల్సిన ప్రశ్న, ఈ పది లక్షలు అమ్మకపోతే మిగులుతాయా అని. మిగలవు. భారతీయ చట్టంలో ఈ లాభం కాలంతో పాటు కరిగిపోదు. యజమాని పోయాక షేర్లు పిల్లలకు వస్తే, తండ్రి కొన్న ధరే వాళ్ళకు కొన్న ధర అవుతుంది, ఆయన ఉంచుకున్న కాలం కూడా వాళ్ళ ఖాతాలోనే కలుస్తుంది. అమెరికాలో అలా కాదు. అక్కడ యజమాని మరణించిన రోజు ధరే వారసులకు కొత్త కొన్న ధర అవుతుంది, పాత లాభం మీద పన్ను పూర్తిగా పోతుంది. అందుకే అమెరికాలో ఉన్న బంధువులు 'అమ్మకు, పిల్లలకు అలాగే వదిలెయ్' అని చెప్పే సలహాకు అక్కడ అర్థం ఉంది. ఇక్కడ అదే సలహా పాటిస్తే పన్ను బాకీ పిల్లలకు వెళ్తుంది, అంతే.

అంటే ఇప్పుడు అమ్మితే పోయేది పది లక్షలు కాదు. ఆ పది లక్షలు ఇంకొన్నేళ్ళు చేతిలో ఉండి సంపాదించగలిగే రాబడి మాత్రమే పోతుంది. దాన్ని లెక్కకట్టవచ్చు. షేరు అయినా, దాన్ని అమ్మి కొన్న ఇండెక్స్ ఫండ్ అయినా ఏడాదికి 11 శాతమే పెరుగుతాయనుకుందాం. అమ్మకుండా పదేళ్ళు ఉంచితే కోటి 284 లక్షలవుతుంది. అప్పుడు లాభంపై 13 శాతం పన్ను కడితే చేతికి దాదాపు 249.6 లక్షలు. ఇప్పుడే 9.9 లక్షల పన్ను కట్టి, మిగిలిన 90.1 లక్షలను ఫండ్‌లో పెడితే పదేళ్ళకు 255.8 లక్షలు. దాని లాభంపై పన్ను పోను 234.3 లక్షలు. తేడా 15 లక్షలు పెద్దదిగానే కనిపిస్తుంది. దాన్ని ఏడాదికి విడదీస్తే 0.63 శాతం. మూడేళ్ళకే లెక్క వేస్తే ఏడాదికి 0.74 శాతం.

అమ్మకుండా ఆగడం వల్ల పన్ను వైపు నుంచి వచ్చే లాభం మొత్తం ఇంతే, ఏడాదికి ముప్పావు శాతం లోపు. ఒకే కంపెనీని నమ్ముకుని కోటి రూపాయలను మోస్తున్నందుకు దొరికే కూలి అది.

ఈ లెక్క అందరికీ ఒకేలా రాదు. 2018 జనవరి 31 నాటికే కొన్న షేర్లయితే ఆ రోజు గరిష్ఠ ధరను కొన్న ధరగా తీసుకునే వీలుంది. అసలు కొన్న ధర కంటే అది ఎక్కువైతే అదే వర్తిస్తుంది, అమ్మిన ధరను మించకుండా. తండ్రి 12 రూపాయలకు కొన్న షేరు ఆ రోజు 480 ఉంటే, లాభం 480 నుంచే మొదలవుతుంది. పాత షేర్లున్నవాళ్ళు చాలామంది ఈ ఒక్క విషయం చూసుకోక, లేని పన్నుకు భయపడుతుంటారు. ఈసాప్ షేర్లకైతే ఎక్సర్‌సైజ్ చేసిన రోజు, అంటే ఆప్షన్‌ను షేర్లుగా మార్చుకున్న రోజు, మార్కెట్ విలువే కొన్న ధర. దాని మీద పన్నును అప్పుడే జీతంలో పట్టుకుని ఉంటారు. కంపెనీ ట్రస్టు నుంచి, లేదా వేరే డీమ్యాట్ నుంచి వచ్చిన షేర్లకు బ్రోకర్ యాప్‌లో కొన్న ధర సున్నాగానో ఖాళీగానో కనిపించడం మామూలే. ఆ రిపోర్టును నమ్మి రిటర్ను వేస్తే కట్టిన పన్నే మళ్ళీ కట్టినట్టవుతుంది. అమ్మకానికి ముందే ఒక్కో విడత షేర్లకు తేదీ, సంఖ్య, ధర రాసుకోవడం మొదటి పని. డీమ్యాట్ ఖాతాలో ముందు వచ్చిన షేర్లే ముందు అమ్ముడైనట్టు లెక్క కాబట్టి ఏ విడత ముందు పోవాలన్నది యజమాని ఎంచుకోలేరు.

విడతలు ఎంత దూరం ఉండాలి

కొద్దికొద్దిగా అమ్మితే పన్ను కలిసొస్తుందన్న మాట నిజమే. కానీ ఎందుకు కలిసొస్తుందో తెలిస్తేనే ఎంత నెమ్మదిగా అమ్మాలో తెలుస్తుంది. రేటు ఎప్పుడమ్మినా 12.5 శాతమే. కలిసొచ్చేవి రెండే: ఏటా వచ్చే 1.25 లక్షల మినహాయింపు, ఇంకా సర్‌ఛార్జ్ తప్పడం.

మినహాయింపు విలువ తక్కువ. 1.25 లక్షల మీద 13 శాతం అంటే 16,250 రూపాయలు. అమ్మకాన్ని ఇంకో ఏడాది పొడిగిస్తే దీనివల్ల మిగిలేది అంతే. ఇరవై లక్షల షేర్లను ఆ పదహారు వేల కోసం ఇంకో ఏడాది మోస్తున్నామంటే, ఆ ఏడాదిలో షేరు ఒక్క శాతం తగ్గినా లెక్క తప్పినట్టే.

అసలు డబ్బు ఉన్నది సర్‌ఛార్జ్ దగ్గర. ఏడాది మొత్తం ఆదాయం 50 లక్షలు దాటితే పన్ను మీద 10 శాతం, కోటి దాటితే 15 శాతం సర్‌ఛార్జ్ పడుతుంది. ఈ ఆదాయంలో షేర్ల లాభం కూడా కలుస్తుంది. ఇంకోటి, సర్‌ఛార్జ్ షేర్ల పన్ను మీదే కాదు, జీతం మీది పన్నుపై కూడా పడుతుంది. మన ఉదాహరణలో పదివేల షేర్లూ ఒకే ఏడాది అమ్మితే ఆదాయం 98 లక్షలు. షేర్ల లాభంపై సర్‌ఛార్జ్, సెస్‌లతో 11.26 లక్షలు. 2025-26 కొత్త విధానం శ్లాబుల ప్రకారం 18 లక్షల జీతంపై 1.6 లక్షల పన్ను ఉంటుంది, దానిమీద పడే సర్‌ఛార్జ్ ఇంకో 16,640. మొత్తం దాదాపు 11.43 లక్షలు. ఏ ఏడాదీ 50 లక్షలు దాటకుండా మూడు ఆర్థిక సంవత్సరాల్లో అమ్మితే 9.91 లక్షలతో సరిపోతుంది. లక్షన్నర మిగిలింది.

మూడు ఆర్థిక సంవత్సరాలంటే మూడేళ్ళని అర్థం కాదు. మార్చి చివర్లో ఒక విడత, ఏప్రిల్ మొదట్లో ఇంకో విడత వేస్తే రెండు సంవత్సరాలూ పది రోజుల్లో దాటిపోతాయి. జీతం 18 లక్షలు పోను 50 లక్షల గీతకు 32 లక్షల చోటు ఉంది. షేరుకు 800 లాభం కాబట్టి 4,000 షేర్లు. బ్యాంకు వడ్డీ, డివిడెండ్లు కూడా ఆదాయంలో కలుస్తాయి గనక కాస్త వదిలి 3,900 అనుకుందాం. మార్చి 20 ప్రాంతంలో 3,900, ఏప్రిల్ మొదటి వారంలో 3,900. రెండు వారాల్లో 7,800 షేర్లు, అంటే 78 శాతం చేతులు మారాయి, ఒక్క రూపాయి సర్‌ఛార్జ్ లేకుండా. ఒక్కో విడతకు పన్ను దాదాపు 3.89 లక్షలు. మిగిలిన 2,200 షేర్లు మరుసటి ఏప్రిల్‌లో అమ్మితే ఇంకో 2.13 లక్షలు. పన్ను మొత్తం అదే 9.91 లక్షలు. మూడేళ్ళపాటు సమానంగా పంచుకుంటూ పోయినా ఇంతకంటే తగ్గేది లేదు, కాలం మాత్రం పోతుంది.

'ఏడాదికి మూడో వంతు' అని స్థూలంగా చెప్పే సలహా ఇక్కడే దెబ్బతింటుంది. విడతల పరిమాణాన్ని క్యాలెండర్ నిర్ణయించకూడదు. 50 లక్షల గీత దాకా ఎంత చోటు ఉందో అదే నిర్ణయించాలి. జీతమే 45 లక్షలున్నవాళ్ళకు ఆ చోటు 5 లక్షలే. అలాంటివాళ్ళు సర్‌ఛార్జ్ తప్పించుకోవాలని పదహారేళ్ళు అమ్ముతూ కూర్చోవడం తెలివి కాదు. 10 శాతం సర్‌ఛార్జ్ అంటే 13 శాతం పన్ను 14.3 అవుతుంది. లాభంలో 1.3 శాతం, షేర్ల విలువలో ఒక శాతం. జీతం పన్ను మీద పడేదాన్ని కూడా కలుపుకుని, దాన్ని ప్రమాదం దించుకునే రుసుముగా లెక్కేసి కట్టెయ్యడమే మేలు. వాళ్ళకు చూడాల్సిన గీత కోటి.

ఇంట్లో ఇంకో దారి ఉంది. ఆదాయం లేని తల్లిదండ్రులకో, మేజరైన పిల్లలకో కొన్ని షేర్లు బహుమతిగా ఇస్తే ఇచ్చినప్పుడు పన్ను లేదు, కొన్న ధర, కాలం వాళ్ళకు బదిలీ అవుతాయి. భారత్‌లో ఉండేవాళ్ళయితే, కొత్త విధానంలో 4 లక్షల ప్రాథమిక పరిమితిని కూడా ఈ లాభానికి వాడుకోవచ్చు. అంటే ఒక్కొక్కరి పేరున ఏటా 5.25 లక్షల లాభం పన్ను లేకుండా పోతుంది, ఆదా 68 వేలు. భార్య లేదా భర్త పేరున పెడితే లాభం ఇచ్చినవాళ్ళ ఆదాయంలోనే కలిపేస్తారు కాబట్టి ఉపయోగం లేదు. బహుమతి అంటే నిజంగా బహుమతే, ఆ డబ్బు వాళ్ళదవుతుంది. మళ్ళీ వెనక్కి తీసుకునే ఉద్దేశంతో చేస్తే తర్వాత చిక్కే.

పుట్ కొంటే ఏం దొరుకుతుంది

అమ్మకుండానే కాపాడుకునే మార్గం హెడ్జింగ్. అందులో తేలిగ్గా అర్థమయ్యేది పుట్ ఆప్షన్: ప్రీమియం కట్టి, షేరు ఎంత పడినా ఫలానా తేదీన ఫలానా ధరకు, అంటే స్ట్రైక్‌కు, అమ్ముకునే హక్కు కొనుక్కోవడం. ఒక రకంగా షేరుకు ఇన్సూరెన్స్.

మొదటి అడ్డంకి, ఆప్షన్లు అన్ని షేర్లకూ ఉండవు. ఎన్‌ఎస్‌ఈలో రెండు వందల చిల్లర కంపెనీలకే ఉన్నాయి. మధ్యస్థ, చిన్న కంపెనీల ఈసాప్ ఉన్నవాళ్ళకు ఈ దారి మొదట్లోనే మూసుకుపోతుంది. రెండోది, ఉన్న షేర్లకైనా మూడు నెలల కాంట్రాక్టులే ఉంటాయి, అందులో నిజంగా కొనుగోళ్ళు అమ్మకాలు జరిగేది ఈ నెలది, మహా అయితే వచ్చే నెలది. ఏడాది రక్షణ కావాలంటే నెలనెలా కొత్త పుట్ కొనాల్సిందే.

ఖర్చు ఎంతో చూద్దాం. ఏడాదికి 28 శాతం ఊగిసలాట ఉన్న షేరుకు, ఇవాళ్టి ధర కంటే 10 శాతం కింద స్ట్రైక్ ఉన్న నెల పుట్ ధర సిద్ధాంతం ప్రకారం షేరు విలువలో 0.35 నుంచి 0.4 శాతం. కోటి రూపాయల షేర్లకు నెలకు 35 నుంచి 40 వేలు, ఏడాదికి నాలుగు లక్షల పైనే. 5 శాతం కింద స్ట్రైక్ అయితే నెలకు 1.3 శాతం దగ్గర, ఏడాదికి 15 లక్షలు. ఇది కాగితం మీది లెక్క. మార్కెట్లో దూరపు పుట్‌లు సాధారణంగా ఇంకాస్త ఖరీదుగానే దొరుకుతాయి. ఇక్కడ పైన చెప్పిన ముప్పావు శాతాన్ని గుర్తుచేసుకోవాలి. ఏడాదికి 0.7 శాతం పన్ను లాభం కాపాడుకోవడానికి 4 శాతం ప్రీమియం కట్టడం జరుగుతోంది. దీర్ఘకాలపు హెడ్జింగ్ లెక్క ఈ ఒక్కచోటే తేలిపోతుంది.

అంత కట్టినా దొరికేది సగం రక్షణే. షేరు నెలకు 7 శాతం చొప్పున ఆరు నెలలు జారిందనుకోండి. వెయ్యి 930, తర్వాత 865, 804, అలా 647కు వస్తుంది. ప్రతి నెలా అప్పటి ధరకు 10 శాతం కింద కొత్త పుట్ కొంటున్నారు కాబట్టి మొదటి నెల 900, రెండో నెల 837, మూడో నెల 778... ఏ నెలలోనూ ధర స్ట్రైక్ దాకా రాదు. షేరులో 35 లక్షలు పోయాయి, ప్రీమియంలో దాదాపు రెండు లక్షలు పోయాయి, పుట్ ఒక్కసారి కూడా ఆదుకోలేదు. 900 స్ట్రైక్‌నే పట్టుకుని కూర్చుంటే రక్షణ ఉంటుంది గానీ, ధర దానికి దగ్గరైన కొద్దీ నెల పుట్‌లో కాలానికి కట్టే విలువ 3 శాతం దాకా పెరుగుతుంది. సరిగ్గా అవసరమైనప్పుడే చాలామంది మానేస్తారు. నెల పుట్ కాపాడేది సత్యం లాంటి పతనం నుంచి. యెస్ బ్యాంక్ లాంటి జారుడు నుంచి కాదు.

చిక్కుల్లో ఉన్న షేరుకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఆ షేరు ఆప్షన్లు, ఫ్యూచర్ల లాంటి డెరివేటివ్‌లలో మొత్తం పొజిషన్లు మార్కెట్ పరిమితిలో 95 శాతం దాటితే ఎక్స్ఛేంజ్ దాన్ని బ్యాన్ జాబితాలో పెడుతుంది. ఉన్న పొజిషన్లు తగ్గించుకోవచ్చు, పెంచుకోకూడదు. పాత పుట్ గడువు ముగిసి కొత్తది కొనాల్సిన వారంలోనే ఇది జరిగితే హెడ్జ్ తెగిపోతుంది.

హెడ్జ్‌కు వేరే పన్ను

ఇది అన్నిటికంటే ఎక్కువగా దెబ్బకొట్టే భాగం, ముందుగా ఎవరూ చూడని భాగం. షేరు అమ్మితే వచ్చేది మూలధన లాభం. ఎక్స్ఛేంజ్‌లో ఆప్షన్లు, ఫ్యూచర్ల మీద వచ్చేది సాధారణంగా వ్యాపార ఆదాయం, శ్లాబు రేటు దానికి వర్తిస్తుంది, రిటర్ను ఐటీఆర్-3లో వెయ్యాలి. హెడ్జ్ ఒక చేత్తో పోగొట్టిన దాన్ని రెండో చేత్తో ఇస్తుంది గానీ, రెండు చేతులకూ ఒకే రేటు ఉండదు.

ఫ్యూచర్స్ అంటే రాబోయే తేదీకి ఇప్పుడే ధర కుదుర్చుకునే కాంట్రాక్టులు. పదివేల షేర్లకు వాటిని అమ్మి ధరను వెయ్యి దగ్గర కట్టేసుకున్నారనుకుందాం. షేరు 700కు పడింది. షేరులో 30 లక్షలు పోయాయి, ఫ్యూచర్స్‌లో 30 లక్షలు వచ్చాయి, లెక్క సరి అనిపిస్తుంది. కానీ 18 లక్షల జీతం మీద ఈ 30 లక్షలు చేరితే శ్లాబుల ప్రకారం అదనపు పన్ను దాదాపు 8.94 లక్షలు, అదీ ఈ ఏడాదే కట్టాలి. షేరు వైపు లాభం 30 లక్షలు తగ్గినందువల్ల మిగిలే పన్ను 3.9 లక్షలు, అదీ ఎప్పుడో అమ్మినప్పుడు. అంటే హెడ్జ్ పూర్తిగా పనిచేసినా ఐదు లక్షల చిల్లు. మొత్తం షేర్లు అమ్మితే కట్టాల్సిన పన్నులో అది సగం.

షేరు పెరిగితే ఇంకో రకం నొప్పి. 1,200కు చేరితే ఫ్యూచర్స్‌లో 20 లక్షల నష్టాన్ని రోజువారీగా నగదులో కడుతూ పోవాలి. షేరులో లాభం కాగితం మీదే ఉంటుంది, దానితో ఈ రోజువారీ నష్టాన్ని కట్టలేరు. ఆ నష్టాన్ని జీతంతో సర్దుబాటు చేసుకోనివ్వరు. అదే ఏడాది షేర్లు అమ్మితే ఆ లాభంతో సర్దుకోవచ్చు గానీ, మిగిలేది పన్నెండున్నర శాతమే.

ప్రీమియం ఖర్చు లేకుండా కాలర్ వేసుకోమని కొందరు చెబుతారు. 900 పుట్ కొని, దాని ఖర్చు కోసం 1,100 కాల్, అంటే ఆ ధరకు షేర్లు కొనుక్కునే హక్కు, ఇంకొకరికి అమ్మడం. ప్రీమియం దాదాపు చెల్లుకు చెల్లవుతుంది. కానీ అమ్మిన కాల్‌కు మార్జిన్, అంటే బ్రోకర్ దగ్గర పూచీ, కావాలి. షేర్లు ప్లెడ్జ్ చేస్తే, అంటే తాకట్టు పెడితే, హెయిర్‌కట్ అనే కోత పోను విలువ ఇస్తారు, అయినా మార్జిన్‌లో సగం నగదో దానికి సమానమైనదో ఉండాలి. లేకపోతే బ్రోకర్ వడ్డీ వేస్తాడు. అంతకంటే పెద్ద సంగతి ఎక్స్‌పైరీ రోజుది, అంటే గడువు ముగిసే రోజుది. 2019 అక్టోబర్ నుంచి షేర్ల డెరివేటివ్‌లన్నీ డెలివరీతోనే ముగుస్తున్నాయి. నెల చివరి మంగళవారం షేరు 1,100 పైన ఉంటే అమ్మిన కాల్ కింద పదివేల షేర్లూ ఇచ్చెయ్యాలి. అంటే ఒకే ఏడాది 90 లక్షల లాభం, జీతంతో కలిపి 1.08 కోట్లు. ఎవరూ కోరుకోని 15 శాతం సర్‌ఛార్జ్ గీత దాటేశారు. ఏ పన్నును వాయిదా వెయ్యాలని కాలర్ వేశారో, అది ఎక్కువ రేటుతో ఆ నెలలోనే వచ్చిపడింది. తప్పించుకోవాలంటే గడువుకు ముందే నష్టానికి కాల్ తిరిగి కొనాలి, దానికి మళ్ళీ నగదు కావాలి.

హెడ్జ్ నిజంగా పనికొచ్చే చోటు

ఎన్నాళ్ళు కావాలో ముందే తెలిసిన చోట పుట్ బాగా పనిచేస్తుంది. మన ఉదాహరణలో మార్చి 20కి, ఏప్రిల్ 1కి మధ్య పది రోజులు ఉన్నాయి. ఆ పది రోజుల కోసమే మిగిలిన 6,100 షేర్లకు ఏప్రిల్ పుట్‌లు కొనవచ్చు. లాట్‌కు 500 షేర్లనుకుంటే 12 లాట్లు, 6,000 షేర్లకు రక్షణ. 900 స్ట్రైక్‌కు దాదాపు 30 వేల ప్రీమియం. ఏప్రిల్‌లో షేర్లు అమ్మినప్పుడు ఆ మేరకు పుట్‌లు కూడా అమ్మేస్తే కొంత వెనక్కి వస్తుంది. విడతల వల్ల మిగిలే లక్షన్నరతో పోలిస్తే ఇది సబబైన ఖర్చు.

ఇలాంటి ఇంకో సందర్భం ఏడాది పూర్తి కావడానికి ఒకటి రెండు నెలలు తక్కువున్న షేర్లు. ఇప్పుడమ్మితే 20 శాతం, ఆగితే 12.5. లాభంలో ఏడున్నర శాతం తేడా. లాభం పెద్దదైతే రెండు నెలల పుట్ ఖర్చు దానికి తట్టుకుంటుంది. లాభం కొద్దిదే అయితే, ఉదాహరణకు నిన్నమొన్న ఎక్సర్‌సైజ్ చేసిన ఈసాప్ అయితే, ఆ ఏడున్నర శాతం రూపాయల్లో చాలా చిన్నది. అప్పుడు పుట్ కూడా దండగే, 20 శాతం కట్టి అమ్మెయ్యడమే నయం.

పుట్‌ను ఎక్స్‌పైరీ దాకా ఉంచితే ఒక జాగ్రత్త. అది లాభంలో ఉంటే చివరి నాలుగు రోజుల్లో డెలివరీ మార్జిన్ మొదలవుతుంది, గడువు రోజున షేర్లు ఇవ్వాలి. ఏప్రిల్‌లో అదే కావాలనుకుంటే ఇబ్బంది లేదు, అమ్మకం అక్కడే జరిగిపోతుంది. మార్చి ఎక్స్‌పైరీ పుట్‌కు అలా జరిగితే మాత్రం షేర్లు పాత ఏడాది లెక్కలోకే పోతాయి. ప్లెడ్జ్‌లో ఉన్న షేర్లను డెలివరీకి ఎలా విడిపిస్తారో బ్రోకర్‌ను ముందే అడిగి రాతలో తీసుకోవాలి.

స్టాప్-లాస్ ఆర్డర్ పుట్‌కు ప్రత్యామ్నాయం కాదు. డెరివేటివ్‌లున్న షేర్లకు రోజువారీ స్థిరమైన సర్క్యూట్ పరిమితి ఉండదు, అందుకే సత్యం ఒక్క రోజులో అంత పడగలిగింది. 900 దగ్గర పెట్టిన ఆర్డర్ ధర జారిపోయాక ఎక్కడ అమలవుతుందో ఎవరి చేతిలోనూ లేదు.

ఉద్యోగులకు

సొంత కంపెనీ షేర్లున్నవాళ్ళకు మార్చి-ఏప్రిల్ పథకంలో ఒక ముల్లు ఉంది. సెబీ నిబంధనల కింద కంపెనీ 'డిజిగ్నేటెడ్ పర్సన్' అని గుర్తించిన ఉద్యోగులకు త్రైమాసికం ముగిసినప్పటి నుంచి ఫలితాలు వచ్చిన 48 గంటల దాకా ట్రేడింగ్ విండో మూసి ఉంటుంది. అంటే ఏప్రిల్ మొదటి వారం అమ్మడం కుదరదు. వాళ్ళ రెండో విడత ఫలితాల తర్వాత, ఏప్రిల్ చివర్లోనో మేలోనో పడుతుంది. మొదటి విడత మార్చిలో విండో మూసేలోపే ముగించాలి. ఫలితాలకూ ముందే కచ్చితంగా అమ్మాలంటే ట్రేడింగ్ ప్లాన్ ఇవ్వాలి. 2024లో సెబీ సవరించాక, ప్లాన్ బహిరంగపరచిన 120 రోజుల తర్వాతే అందులో మొదటి అమ్మకం జరగాలి, ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడానికి లేదు. ఇక అమ్మి ఆరు నెలల్లో కొనడం, కొని ఆరు నెలల్లో అమ్మడం వీళ్ళకు నిషిద్ధం కాబట్టి పుట్ కొని తిరిగి అమ్మే హెడ్జ్ వీళ్ళకు దాదాపు లేనట్టే. కంప్లయన్స్ ఆఫీసర్ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా దాని జోలికి వెళ్ళకూడదు.

విండో ఉన్నా లేకపోయినా తేదీ, సంఖ్య ముందే కాగితం మీద రాసుకుని, ధర చూడకుండా అమ్మడమే విడతల పద్ధతిని నిలబెడుతుంది. సాధారణంగా తప్పు జరిగేది రెండో విడత దగ్గర. మొదటి విడత తర్వాత షేరు పెరిగితే 'తొందరపడ్డాం, ఇక ఆగుదాం' అనిపిస్తుంది. పడితే 'మళ్ళీ వెయ్యికి రానీ' అనిపిస్తుంది. రెండు కారణాలూ వ్యతిరేకమైనవే, ఫలితం మాత్రం ఒకటే, అమ్మకం ఆగిపోతుంది. ధర మారినప్పుడు మార్చాల్సింది ఒక్కటే: 50 లక్షల గీతకు ఎన్ని షేర్లు పడతాయన్న సంఖ్య. షేరు 1,200 అయితే ఒక్కో షేరు లాభం వెయ్యి, కాబట్టి 3,900 కాదు, 3,100. గీత కాస్త దాటినా మార్జినల్ రిలీఫ్ ఉంది, దాటిన ఆదాయం కంటే అదనపు పన్ను ఎక్కువ కాదు. కానీ ఆ దాటిన కొద్దిపాటి లాభం దాదాపు మొత్తం పన్నుకే పోతుంది.

వచ్చిన డబ్బులో పన్ను భాగాన్ని అమ్మిన రోజే పక్కన పెట్టాలి. మార్చి 15 తర్వాత అమ్మిన విడతకు అడ్వాన్స్ ట్యాక్స్ మార్చి 31లోపు కడితే ఆ లాభం మీద వడ్డీ పడదు. ఏప్రిల్ విడతకు జూన్ 15 నాటికి 15 శాతం, సెప్టెంబర్ 15 నాటికి 45, డిసెంబర్ 15 నాటికి 75, మార్చి 15 నాటికి మొత్తం కట్టాలి. ఆలస్యమైతే నెలకు ఒక శాతం వడ్డీ. ఏప్రిల్‌లో అమ్మిన 3,900 షేర్ల మీది 3.89 లక్షలను లిక్విడ్ ఫండ్‌లో విడిగా ఉంచి ఆ తేదీల్లో తీస్తుంటే, కొత్తగా కొన్న ఫండ్‌ను పన్ను కోసం నష్టానికి అమ్మాల్సిన అవసరం రాదు.